సిస్టమ్‌లో ఉంది, ర్యాకులో లేదు

మెడికల్ షాపు యజమాని డిస్ట్రిబ్యూటరుకు ఫోన్ చేసి ఇరవై స్ట్రిప్పుల గ్యాస్ మాత్రలు పంపమంటాడు. బిల్లింగ్ గుమాస్తా కంప్యూటరులో చూసి, 34 ఉన్నాయని బిల్లు కొడతాడు. ప్యాకింగ్ కుర్రాడు ర్యాకు దగ్గరికి వెళ్తే అక్కడ పన్నెండే ఉంటాయి. వెనక ర్యాకులో, కింద పెట్టెల్లో, ఎక్స్‌పైరీ సరుకు మూలలో వెతికినా మిగతావి దొరకవు. చివరికి బిల్లు దిద్ది పన్నెండే పంపుతారు. రెండు నెలలు తిరిగేసరికి అదే మాత్ర దగ్గర మళ్లీ అదే గొడవ.

మందుల గోడౌను అయినా, స్పేర్ పార్టుల దుకాణమైనా, సూపర్‌మార్కెట్ అయినా ఈ చిక్కు ఒకటే. అమెరికాలో నికోల్ డిహొరేషియస్, అనంత్ రామన్ అనే పరిశోధకులు ఒక పెద్ద రిటైల్ సంస్థకు చెందిన 37 దుకాణాల్లో దాదాపు 3 లక్షల 70 వేల స్టాకు రికార్డులు పరిశీలించారు. 2008లో అచ్చయిన ఆ అధ్యయనంలో 65 శాతం రికార్డులు ర్యాకులోని సరుకుతో సరిపోలలేదు. ఆ దుకాణాల్లో కంప్యూటర్లు లేకపోలేదు. అయినా లెక్క తప్పింది. ఎందుకు తప్పుతుందో ముందు చూద్దాం.

కంప్యూటరు ర్యాకును చూడదు

స్క్రీను మీద కనిపించే 34 అనే అంకె ఎవరో లెక్కపెట్టి చెప్పింది కాదు, అది కూడికలు తీసివేతల ఫలితం. నిన్నటి నిల్వకు ఇవాళ వచ్చినవి కలిపి, అమ్మినవి తీసేస్తే మిగిలింది 34. సరుకు కదిలిన ప్రతిసారీ ఒక ఎంట్రీ పడితేనే ఆ అంకె నిజం. చేతితో కదిలి కాగితం మీదికి ఎక్కకపోయినా, ఒక ఐటెమ్‌కు పడాల్సిన ఎంట్రీ పక్క ఐటెమ్‌కు పడినా తేడా అక్కడే పుడుతుంది. దానంతట అది సరికాదు. రేపటి లెక్క ఇవాళ్టి తప్పు మీదే నడుస్తుంది.

ఇందులో మరింత నష్టం చేసే మలుపు ఒకటుంది. నిల్వ 20కి తగ్గితే కంపెనీకి ఆర్డరు పెట్టేలా సాఫ్ట్‌వేరును అమర్చారనుకుందాం. ఉన్న పన్నెండూ వెళ్లి ర్యాకు ఖాళీ అయిపోయినా సిస్టమ్ 22 చూపిస్తూనే ఉంటుంది. సరుకు లేదు కాబట్టి అమ్మకం జరగదు, అమ్మకం లేదు కాబట్టి అంకె తగ్గదు, అంకె తగ్గదు కాబట్టి ఆర్డరు వెళ్లదు. ఎవరైనా పట్టించుకునేదాకా ఆ మందు అలా ఆగిపోయే ఉంటుంది. కనిపెట్టని నష్టం చాలా చిన్నదైనా సరే, అది ఆర్డర్ల వ్యవస్థనే స్తంభింపజేయగలదని ఎమ్‌ఐటీకి చెందిన యున్ కాంగ్, స్టాన్లీ గెర్ష్విన్ 2005లో చూపించారు. పోయిన స్ట్రిప్పుల ఖరీదు కంటే, లేదని తిప్పి పంపిన ఆర్డర్ల ఖరీదే ఎక్కువ.

మార్చి 31 లెక్క ఏం చెబుతుంది, ఏం చెప్పదు

మన దగ్గర ఎక్కువమంది వ్యాపారులకు తెలిసిన విరుగుడు ఇయర్ ఎండింగ్ స్టాకు. మార్చి చివర ఒకటి రెండు రోజులు డెలివరీలు ఆపి, సేల్స్‌మన్లతో సహా అందరినీ పిలిచి, ర్యాకు ర్యాకుకూ కాగితం ఇచ్చి మొత్తం లెక్కపెట్టిస్తారు. వచ్చిన అంకెలు సిస్టమ్‌లో వేసి, తేడాలను అడ్జస్ట్‌మెంట్ ఎంట్రీలతో చదును చేస్తారు. ఆ విలువే బ్యాలెన్స్ షీటులో ముగింపు నిల్వగా కూర్చుంటుంది.

దీన్ని తీసిపారేయలేం. కొత్తగా లెక్కలు మొదలుపెట్టే గోడౌనుకు ఒక నికరమైన ఆరంభ అంకె కావాలి, అది మొత్తం లెక్కింపుతోనే వస్తుంది. గోడలోపల ఉన్న ప్రతి వస్తువునూ ఒకేసారి చూడటం వల్ల, ఎక్కడో తప్పు ర్యాకులో పడి ఉన్న పెట్టె కూడా బయటపడుతుంది. అయితే తప్పు ఎందుకు జరిగిందని అడిగితే మాత్రం ఈ లెక్క దగ్గర జవాబు ఉండదు. బస్సులో పర్సు పోయిన సంగతి తర్వాతి స్టాపులోనే తెలిస్తే దిగినవాళ్లెవరో, పక్కన నిలబడ్డదెవరో గుర్తుంటుంది. చివరి స్టాపులో తెలిస్తే పర్సు పోయిందన్న ఒక్క మాటే మిగులుతుంది. గత మే నెలలో జరిగిన పొరపాటు మార్చిలో తేలితే, మధ్యలో ఆ ఐటెమ్ మీద వందల బిల్లులు పడి ఉంటాయి. ఏ బిల్లులో తప్పిందో వెతికే ఓపిక ఎవరికీ ఉండదు.

రెండో లోపం ఇంకా లోతైనది. ఒక గోడౌనులో పుస్తకాల ప్రకారం 84 లక్షల సరుకు ఉండాలి, లెక్కపెడితే 83 లక్షల 79 వేలు తేలిందనుకోండి. తేడా 21 వేలు, అంటే పావు శాతం. అందరూ సంతోషిస్తారు. కానీ ఐటెమ్‌ల వారీగా చూస్తే 2 లక్షల 11 వేల రూపాయల షార్టేజీ, లక్షా 90 వేల ఎక్సెస్ ఉండొచ్చు. ఒకదాన్నొకటి కొట్టేసుకోగా మిగిలింది 21 వేలు. నిజానికి తప్పిన సరుకు విలువ 4 లక్షలు దాటింది. పెట్టుబడి లెక్కకు పావు శాతం చాలు, ర్యాకు దగ్గర నిలబడ్డ కుర్రాడికి మాత్రం అది దేనికీ పనికిరాదు. అందుకే రికార్డు నాణ్యతను రూపాయల్లో కాక ఐటెమ్‌ల్లో కొలవాలి. లెక్కపెట్టిన వందలో ఎన్ని ఐటెమ్‌లు సరిగ్గా సరిపోయాయన్నదే అసలు కొలత.

రోజుకు కొన్ని చొప్పున

సైకిల్ కౌంటింగ్ అంటే గోడౌను మూయకుండా రోజూ కొన్ని ఐటెమ్‌లను లెక్కపెడుతూ, ఏడాదిలో అన్నింటినీ కనీసం ఒక్కసారైనా చుట్టిరావడం. అన్నింటికీ ఒకే తిరుగుడు ఉండదు. ఎక్కువ విలువ కదిలే సరుకు ఎ తరగతి, మధ్యరకం బి, మిగిలింది సి.

ఒక గోడౌనులో 3,600 ఐటెమ్‌లు ఉన్నాయనుకుందాం. ఎ తరగతిలో 300 ఉంటే నెలకోసారి, బి తరగతిలో 900 ఉంటే మూడు నెలలకోసారి, సి తరగతిలోని 2,400 ఏడాదికోసారి లెక్కపెడదాం. మొత్తం ఏడాదికి 9,600 లెక్కింపులు. 300 పనిదినాలకు పంచితే రోజుకు 32. అలవాటైన ఇద్దరు మనుషులు పొద్దున ఆర్డర్లు మొదలయ్యేలోపు ముగించగలిగిన పని ఇది.

ఎంత లెక్కపెట్టారన్నదానికంటే ఎలా లెక్కపెట్టారన్నది ముఖ్యం. లెక్కపెట్టే మనిషి చేతిలోని కాగితం మీద సిస్టమ్ అంకె ఉండకూడదు. 34 అని ముందే కనిపిస్తే, 33 దగ్గర ఆగిన చెయ్యి ఇంకొకటి ఎక్కడో ఉండే ఉంటుందని 34 రాసేస్తుంది. అది మోసం కాదు, మనిషి స్వభావం. నిన్న బిల్లయి ఇంకా లోడు కాని సరుకు, వచ్చినా ఎంట్రీ పడని సరుకు ముందే పక్కన పెట్టుకోవాలి. తేడా వస్తే అదే రోజు మరో మనిషి మళ్లీ లెక్కపెట్టాలి. మొదటి తేడాల్లో కొన్ని లెక్కింపు పొరపాట్లే అయి ఉంటాయి. వాటిని చూసి సిస్టమ్ అంకె మారిస్తే, సరిగ్గా ఉన్న రికార్డును మన చేత్తో మనమే పాడుచేసినట్టవుతుంది.

ఇక్కడొక జాగ్రత్త. ఐటెమ్ పేరు పట్టుకుని వెళ్లే లెక్కింపు, సిస్టమ్ చెప్పిన చోటే చూస్తుంది. వేరే ర్యాకులో దూరిన సరుకు దాని కంట పడదు. అందుకని అప్పుడప్పుడు ఐటెమ్‌ను వదిలేసి ఒక ర్యాకును తీసుకుని, అందులో ఉన్నదంతా రాయించాలి.

అసలు పని తేడా దొరికాక మొదలవుతుంది

చాలాచోట్ల సైకిల్ కౌంటింగ్ ఇక్కడే దారి తప్పుతుంది. రోజూ లెక్కపెడతారు, రోజూ అంకె దిద్దుతారు, కారణం అడగరు. అప్పుడది ఏడాది లెక్కనే 300 ముక్కలు చేసినట్టు. వచ్చే నెల అదే ఐటెమ్, అదే తేడా. నా దృష్టిలో సైకిల్ కౌంటింగ్ విలువంతా తేడాకూ లెక్కింపుకూ మధ్య గడిచిన కాలం తక్కువగా ఉండటంలోనే ఉంది. ఆ వెసులుబాటును వాడుకోకపోతే ఇంత శ్రమ పడటం దండగ.

ఎలా వాడుకోవాలో ఒక మందుల గోడౌను ఉదాహరణగా చూద్దాం. ఇలాంటి చోట్ల మామూలుగా జరిగే తీరునే చెబుతున్నాను, అంకెలు అర్థం కావడానికి వేసినవి.

గ్యాస్‌కు వాడే ఒక మాత్ర. నెలవారీ లెక్కలో జూన్‌లో సిస్టమ్ 412 అంది, ర్యాకులో 389 ఉన్నాయి. షార్టేజీ 23 స్ట్రిప్పులు. జూలైలో 27, ఆగస్టులో 21. మూడుసార్లూ షార్టేజీ అని రాసి అంకె దిద్దేశారు. స్ట్రిప్పు చిన్నది, జేబులో పడుతుంది, బయట వెంటనే అమ్ముడవుతుంది. యజమాని అనుమానం ప్యాకింగ్ కుర్రాళ్ల మీదికి పోయింది. జీతాల్లో కోసేద్దామన్న మాట కూడా వచ్చింది.

మొదట చేసిన పని, మూడు నెలల అడ్జస్ట్‌మెంట్ ఎంట్రీలన్నీ ఒకచోట పేర్చడం. ఎ తరగతిలోని 300 ఐటెమ్‌లలో 41 మూడు నెలలూ తక్కువే వచ్చాయి. ఆ 41లో 38 ఐటెమ్‌ల మీద కంపెనీ స్కీము నడుస్తోంది, పది కొంటే ఒకటి ఫ్రీ. అదే ర్యాకుల్లో, అంతే చిన్నవి, అంతకంటే ఖరీదైనవి స్కీము లేని స్ట్రిప్పులు ఉన్నాయి. వాటి లెక్క సరిగ్గా ఉంది. దొంగతనం చేసేవాడు స్కీముల జాబితా చూసి ఎంచుకోడు. అనుమానం మనుషుల మీదినుంచి కాగితాల మీదికి మళ్లాల్సింది ఇక్కడే.

ఇరవై ఐటెమ్‌ల మీద నిఘా

నెలకోసారి లెక్కపెడితే తప్పు ఏ నెలలో జరిగిందో తెలుస్తుంది, ఏ రోజో తెలియదు. దీనికి నిపుణులు వాడే పద్ధతి కంట్రోల్ గ్రూపు. కొన్నే ఐటెమ్‌లను ఎంచుకుని, వాటినే మళ్లీ మళ్లీ, చాలా దగ్గర దగ్గరగా లెక్కపెడతారు. ఇక్కడ స్కీము ఉన్నవి పది, లేనివి పది తీసుకున్నారు. నెల 25వ తేదీ నుంచి రోజూ పొద్దున మొదటి బిల్లుకు ముందొకసారి, సాయంత్రం బండ్లు వెళ్లాక ఒకసారి లెక్కపెట్టారు.

నెలాఖరుదాకా ఇరవై ఐటెమ్‌లలో ఒక్కదానికీ తేడా లేదు. ఒకటో తేదీ సాయంత్రం గ్యాస్ మాత్ర 6 తక్కువ. రెండున 5, మూడున 7, నాలుగున 5. అయిదో తేదీ నుంచి మళ్లీ సున్నా. నాలుగు రోజులకు 23. మిగతా స్కీము ఐటెమ్‌లదీ అదే తీరు. స్కీము లేని పదీ కదల్లేదు.

ఇప్పుడు వెతకాల్సింది నెల మొత్తం బిల్లులు కాదు, ఒకటో తేదీ పగలు కొట్టిన బిల్లులు మాత్రమే. ఐటెమ్ లెడ్జరు తీస్తే ఆ రోజు ఈ మాత్ర మీద 14 బిల్లులున్నాయి. తొమ్మిది బిల్లుల్లో పది కంటే తక్కువ స్ట్రిప్పులు కాబట్టి స్కీము వర్తించదు. మిగిలిన అయిదింటిలో నాలుగు పదేసి, ఒకటి ఇరవై. అంటే ఫ్రీగా వెళ్లాల్సినవి నాలుగూ రెండూ ఆరు. ఆ అయిదు బిల్లుల్లోనూ ఫ్రీ అన్న గడిలో సున్నా ఉంది. సాయంత్రం తేలిన షార్టేజీ కూడా ఆరే.

ప్యాకింగ్ కాపీలు బయటికి తీశారు. అయిదింటి మీదా, ఐటెమ్ పేరు పక్కన, పెన్సిలుతో చిన్నగా రాసి ఉంది: నాలుగింటి మీద +1, ఒకదాని మీద +2. కుర్రాళ్లు దొంగిలించలేదు, దాచనూ లేదు. ఇచ్చిన ప్రతి ఫ్రీ స్ట్రిప్పునూ రాసిపెట్టారు. ఆ కాపీ నేరుగా ఫైలులోకి వెళ్లిపోతుంది, సిస్టమ్‌లోకి ఎక్కించే మనిషే లేడు.

ఫ్రీ గడి ఎందుకు ఖాళీగా ఉంది? సాఫ్ట్‌వేరులో స్కీము గడువు నెల చివరి తేదీతో ముగిసింది. కంపెనీ ప్రతి నెలా దాన్ని పొడిగిస్తుంది కానీ, ఆ కాగితం నాలుగో తేదీ సాయంత్రానికి గానీ రాదు. అది వచ్చాకే గుమాస్తా గడువు మారుస్తాడు. ఈలోపు కంపెనీ ప్రతినిధి స్కీము కొనసాగుతుందని సేల్స్‌మన్లకు ఫోన్లో చెప్పేస్తాడు, వాళ్లు షాపులకు మాటిస్తారు, కుర్రాళ్లు చేత్తో వేసి పంపుతారు. ఎవరి పని వాళ్లు బాగానే చేశారు. కాగితం కంటే మాట నాలుగు రోజులు ముందు నడిచింది, తప్పంతా ఆ నాలుగు రోజుల్లోనే ఉంది.

దిద్దుబాటు రెండు నియమాలతో అయిపోయింది. నెల చివరి రోజునే కంపెనీ నుంచి ఈమెయిలులో నిర్ధారణ తీసుకుని గడువు మార్చాలి. రాకపోతే బిల్లులో ఉన్నవే పంపి, స్కీము ఖరారయ్యాక ఫ్రీ స్ట్రిప్పులకు విడిగా ఎంట్రీ వేసి పంపాలి. కానీ నియమం పెట్టినంత మాత్రాన సరిపోదు, అదే ఇరవై ఐటెమ్‌లను మరుసటి నెల మొదటి వారం మళ్లీ లెక్కపెట్టారు. మూడో తేదీన ఒకే ఒక్క స్ట్రిప్పు తగ్గింది, పాత అలవాటు కొద్దీ వేసేసింది. మిగతా రోజులన్నీ సున్నా.

ఆ 41లో మిగిలిన మూడింటి సంగతి కూడా చెప్పాలి. ఒకటి దగ్గు సిరప్, పగిలిన సీసాలకు ఎంట్రీ పడటం లేదు. రెండోది పెట్టె, స్ట్రిప్పుల మధ్య గందరగోళం, దాని గురించి కింద రాశాను. మూడోదానికి బిల్లుల్లో ఏ జవాబూ దొరకలేదు. దాన్ని తాళం ఉన్న అల్మారాలోకి మార్చాక తేడా ఆగిపోయింది. అది దొంగతనమే అయి ఉండొచ్చు. దొంగతనాలు ఉండవని కాదు, మిగతా కారణాలన్నీ తీసేశాకే ఆ మాట అనాలి.

---

బాక్స్: తేడా అంకెను చదవడం

ఫైళ్లు తిరగేసే ముందు తేడాను ఒకసారి తొమ్మిదితో భాగించి చూడండి. పది స్ట్రిప్పుల పెట్టె అమ్మి, గుమాస్తా పొరపాటున ఒక స్ట్రిప్పుగా కొడితే, ర్యాకులో పది తగ్గుతాయి, సిస్టమ్‌లో ఒకటే తగ్గుతుంది. తేడా 9. రెండు పెట్టెలకు అలా జరిగితే 18, మూడింటికి 27. కొనుగోలు ఎంట్రీలో ఇదే పొరపాటు జరిగితే షార్టేజీ బదులు ఎక్సెస్ వస్తుంది.

తొమ్మిదికి ఇంకో కారణమూ ఉంది. 54 బదులు 45, 81 బదులు 18 అని అంకెలు తారుమారుగా కొట్టినా తేడా ఎప్పుడూ తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడుతుంది. రెండింటినీ వేరుచేయడానికి లెడ్జరులో ఒక్క స్ట్రిప్పు బిల్లులు ఉన్నాయేమో చూడాలి. హోల్‌సేల్‌లో ఒక్క స్ట్రిప్పు కొనే షాపు అరుదు.

ఒక ఐటెమ్‌లో 12 తక్కువ, పక్క ఐటెమ్‌లో సరిగ్గా 12 ఎక్కువ అయితే, ఒకటి బిల్లు చేసి ఇంకొకటి పంపారన్నమాట. ఒకే కంపెనీవి, ఒకే రంగు డబ్బాలు, 500 ఎంజీ, 650 ఎంజీ పక్కపక్కనే పెట్టిన చోట ఇది తరచూ జరుగుతుంది. రెండు డబ్బాలనూ వేర్వేరు ర్యాకులకు మార్చడమే మందు. తేడా సరిగ్గా ఒక బిల్లు పరిమాణంతో సమానమైతే, ఆ బిల్లు రెండుసార్లు పడిందా, అసలు పడలేదా, లేక సరుకు ఇంకా బండి ఎక్కలేదా అని చూడాలి.

---

మరి మార్చి లెక్క మానేయొచ్చా?

కంపెనీల చట్టం కింద ఆడిటర్లు ఇచ్చే నివేదికకు సంబంధించిన 2020 ఉత్తర్వు, నిల్వలను యాజమాన్యం సహేతుకమైన వ్యవధుల్లో భౌతికంగా సరిచూసిందా అని అడుగుతుంది. ఏదైనా ఒక తరగతి సరుకులో మొత్తం మీద 10 శాతం లేదా అంతకు మించి తేడా వస్తే, దాన్ని పుస్తకాల్లో సరిగా చూపారా అనీ అడుగుతుంది. గోడౌను మూసి ఒకే రోజు లెక్కపెట్టాలని అందులో లేదు. ఏడాది పొడవునా లెక్కింపు కాగితాలు, తేడాలు, వాటి కారణాలు భద్రంగా ఉంటే వాటి మీద ఆధారపడాలా వద్దా అన్నది ఆడిటరు నిర్ణయించుకుంటారు. కాబట్టి ఆయనతో ముందే మాట్లాడకుండా మార్చి లెక్క ఆపొద్దు. రికార్డులు వందకు తొంభై అయిదు దాకా సరిపోయే స్థితి కొన్ని నెలలు నిలిచేదాకా రెండూ నడపడమే మంచిదని నా అభిప్రాయం.

కారణం తెలుసుకోవడానికి పన్ను కోణం కూడా తోడైంది. పోయిన సరుకు, దొంగిలించిన సరుకు, నాశనమైన సరుకు, పుస్తకాల్లోంచి కొట్టేసిన సరుకు మీద ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ చెల్లదని జీఎస్టీ చట్టం 17(5) సెక్షన్ చెబుతుంది. అంటే కారణం వెతక్కుండా షార్టేజీ అని రాసిన ప్రతి స్ట్రిప్పుకూ, తీసుకున్న క్రెడిట్ వెనక్కి కట్టాల్సి రావచ్చు. అడ్జస్ట్‌మెంట్ ఎంట్రీ పక్కన కారణం గడి ఒకటి పెట్టి, దాన్ని ఖాళీగా వదలనివ్వకపోతే ఈ పని సగం తేలికవుతుంది.

ఈ పని మొదలుపెట్టడానికి కొత్త సాఫ్ట్‌వేరు అక్కర్లేదు. గత మూడు నెలల అడ్జస్ట్‌మెంట్లు తీసి, మళ్లీ మళ్లీ కనిపించే ఇరవై పేర్లు రాసుకుని, రేపటి నుంచి రోజుకు రెండుసార్లు లెక్కపెట్టించండి. ఆ లెక్క ముగిసేదాకా ఏ కుర్రాడి జీతంలోనూ షార్టేజీ పేరుతో కోత పెట్టకండి. అప్పగించిన సరుకు అతని నిర్లక్ష్యం వల్లే పోయిందని తేలితే తప్ప, అదీ అతనికి సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇచ్చాక తప్ప, అలా కోయడానికి వేతనాల చట్టం ఒప్పుకోదు.